కంఠంలో పులిపిర్లు: పదేపదే తీయాల్సినప్పుడు లేజరా, షేవరా?

ఈ నెలలోనే ముగ్గురు అడిగారు. ఒకరు గూడూరు నుంచి, ఒకరు కావలి నుంచి, ఇంకొకరు ఒంగోలు నుంచి ఫోన్‌లో. "చెన్నైలో లేజర్‌తో తీస్తామన్నారు సార్, ఇంకోచోట షేవర్‌తో చాలన్నారు. ఏది మంచిది?" అని. బిడ్డ గొంతు నెలల తరబడి బొంగురుగా ఉండి, చివరికి కెమెరా వేసి చూస్తే స్వరతంతువుల మీద ద్రాక్షగుత్తిలా పులిపిర్లు కనిపించిన తల్లిదండ్రులే వీళ్లంతా. ఇది హెచ్‌పీవీ వైరస్ 6, 11 రకాల వల్ల వచ్చే జబ్బని వాళ్లకు అప్పటికే తెలుసు. తేల్చుకోలేనిది ఈ ఒక్కటే.

"దేనితో తీస్తే మళ్లీ రాదు?" అని అడిగితే మాత్రం జవాబు లేదు. రెండిటితోనూ మళ్లీ వస్తుంది. మనం తీసేది కంటికి కనిపించే కండను. పక్కన నున్నగా, మామూలుగా కనిపించే పొరలో కూడా వైరస్ దాక్కుని ఉంటుంది. దాన్ని కూడా తీసేద్దామని లోతుకు వెళితే పోయేది గొంతే. కాబట్టి నేను చూసేది ఒకటే: ఇదే చోట పదిసార్లు పనిచేయాల్సి వస్తే, పదోసారి తర్వాత ఆ గొంతు ఏ స్థితిలో ఉంటుంది? పులిపిర్లు చాలామంది పిల్లల్లో వయసు పెరిగేకొద్దీ నెమ్మదిస్తాయి. ఆపరేషన్ల వల్ల పడ్డ మచ్చ అలా తగ్గదు.

మన దగ్గర లేజర్ అంటే ఎక్కువగా కార్బన్ డయాక్సైడ్ లేజరే. బిడ్డకు పూర్తి మత్తు ఇచ్చి, నోట్లోంచి లోహపు గొట్టం పెట్టి, మైక్రోస్కోప్‌లో చూస్తూ కిరణాన్ని ప్రయోగిస్తారు. ఆ కిరణం కంటికి కనిపించదు, గురి చూపించడానికి ఎర్ర చుక్క ఉంటుంది. కండలోని నీరు ఆ వేడిని పీల్చుకుని ఆవిరైపోతుంది. చిన్న నాళాలు అక్కడికక్కడే మూసుకుపోతాయి కాబట్టి రక్తం పెద్దగా రాదు. సన్నని పనికి ఇది చాలా బాగుంటుంది. ముక్క పరీక్షకు పంపాలంటే మాత్రం లేజర్ వేయకముందే ఫోర్సెప్స్‌తో కొంత తీసి పెట్టుకోవాలి, ఆవిరైంది ల్యాబ్‌కు వెళ్లదు కదా.

ఇబ్బంది వేడితోనే. మూడేళ్ల పిల్ల స్వరతంతువు పొడవు ఒక సెంటీమీటరు కూడా ఉండదు. కిరణం కాల్చిన చోటే కాదు, చుట్టూ కొంత మేర వేడి పాకుతుంది. ఒకసారికి ఏమీ కాదు. అదే చోట ఆరోసారి, ఏడోసారి కాల్చినప్పుడు కింది మెత్తని పొర గట్టిపడుతుంది. అన్నిటికంటే ప్రమాదం రెండు తంతువులూ ముందువైపు కలిసే మూల దగ్గర. అక్కడ రెండు వైపులా ఒకేసారి పచ్చి చేస్తే ఆ రెండూ అతుక్కుని, బాతుకాలి వేళ్ల మధ్య ఉన్నట్టు పొర ఏర్పడుతుంది. అందుకే అనుభవం ఉన్న సర్జన్ ఆ మూలలో ఒక పక్క కొద్దిగా పులిపిరిని కావాలనే వదిలేస్తాడు. "మొత్తం తీసేశాం" అని చెప్పిన డాక్టర్ కంటే "ముందు మూలలో కొంచెం వదిలాను, వచ్చేసారి చూస్తాను" అన్న డాక్టర్ మీద నాకు నమ్మకం ఎక్కువ.

ఇంకో భయం మంట. లేజర్, ఆక్సిజన్, ప్లాస్టిక్ గొట్టం ఒకేచోట ఉంటే గొంతులోనే నిప్పు పుట్టొచ్చు. అరుదే, కానీ జరిగితే ఘోరం. ఆక్సిజన్‌ను 30 శాతం లోపు ఉంచడం, లేజర్‌కు తట్టుకునే ట్యూబ్ వాడటం, కళ్లమీద, ముఖం మీద తడిబట్ట వేయడం అందుకే. పొగలో వైరస్ డీఎన్‌ఏ ఉంటుంది కాబట్టి పొగ లాగే పైపు, మంచి మాస్కులు కూడా ఉండాలి. అంటే లేజర్ మెషిన్ ఉంటే సరిపోదు. దానికి అలవాటుపడ్డ మత్తు డాక్టరూ, నర్సులూ ఉండాలి.

షేవర్‌ని మా భాషలో మైక్రోడిబ్రైడర్ అంటాం. సైనస్ ఆపరేషన్లకు వాడే మెషినే, కంఠానికి పొడవాటి సన్న బ్లేడు తగిలిస్తారు. పులిపిరిని లోపలికి పీల్చి కోస్తుంది. వేడి ఉండదు, పొగ ఉండదు, నిప్పు భయం లేదు. గుత్తులుగా నిండిపోయి దారి మూసుకుపోతున్న గొంతులో ఇది లేజర్ కంటే త్వరగా దారి తెరుస్తుంది. రక్తం కొంచెం వస్తుంది, మందులో తడిపిన దూది కాసేపు అదిమితే చాలావరకు ఆగుతుంది. అలాగని ఇది ఏ హానీ చేయలేనిది కాదు. చేయి గట్టిగా నొక్కితే మామూలు పొరను కూడా లాగేస్తుంది. వేడి లేనంత మాత్రాన ముందు మూల అతుక్కోదనీ కాదు.

పేర్లు లేకుండా ఒక పాప సంగతి చెబుతాను. మూడున్నరేళ్లు, కావలి దగ్గర పల్లె. ఏడాదిగా గొంతు బొంగురు. మాట సరిగా రావాలని అవ్వ వస అరగదీసి నాకించింది. తర్వాత పిల్లికూతలు, ఆస్తమా అనుకుని నాలుగు నెలలు నెబ్యులైజర్ పెట్టారు. ఏమీ తగ్గలేదు. ఆస్తమా కూత ఊపిరి వదిలేటప్పుడు ఎక్కువ, ఈ పాపకు పీల్చేటప్పుడు వస్తోంది. తేడా అక్కడే. మొదటిసారి షేవర్‌తో దారి తెరిచాం. రెండోసారి ఐదు వారాలకు, మూడోసారి ఏడు వారాలకు. మూడోసారి ముద్దంతా షేవర్‌తో తీసి, తంతువు అంచున ఆవగింజంత మిగిలిన రెండు చోట్ల మాత్రమే లేజర్ వేశారు. అది చెన్నైలో, నేను పక్కన నిలబడి చూశాను. తర్వాతి గడువు మూడు నెలలకు పెరిగింది, ఆ తర్వాత ఐదు నెలలకు.

నా మొగ్గు ఇదే: ముద్దకు షేవర్, అంచుకు లేజర్. ఒక్కటే దొరుకుతుందంటే చిన్నపిల్లల్లో షేవర్. కానీ ఏళ్లుగా లేజరే చేస్తూ చేయి తిరిగిన సర్జన్‌ను వదిలి, షేవర్ కొత్తగా కొన్న చోటికి వెళ్లమని చెప్పను.

మచ్చ పడిందని ఇంట్లోనే అనుమానించవచ్చు. ఆపరేషన్ తర్వాత కొన్ని వారాలు గొంతు తేటపడి, మళ్లీ మెల్లగా బొంగురైతే పులిపిర్లు తిరిగొచ్చినట్టు. అసలు తేటపడనే లేదు, కెమెరాలో పులిపిర్లూ లేవు అంటే మచ్చో, అతుకో అయి ఉండాలి. వేరే చోట ఆరుసార్లు లేజర్ అయిన ఒక బాబు నా దగ్గరికి అలాగే వచ్చాడు. పులిపిరి దాదాపు లేదు, ముందు మూడోవంతు అతుక్కుని ఉంది. వాళ్లు ఏడోసారి లేజర్‌కు తేదీ అడగడానికి వచ్చారు. నేను వద్దన్నాను.

మిగతావి క్లుప్తంగా. రేడియో తరంగాలతో కండను కరిగించే కోబ్లేషన్ తక్కువ వేడితో చేస్తుంది, చిన్న గొంతులకు నాకు అలవాటు లేదు. ఊపిరి కోసం గొంతుకు రంధ్రం పెట్టడం ప్రాణం మీదికి వస్తే తప్ప వద్దు, పులిపిర్లు శ్వాసనాళంలోకి దిగే దారవుతుంది. ఏడాదికి నాలుగుసార్లు దాటి ఆపరేషన్ చేయాల్సి వస్తుంటే పులిపిరికి రక్తం అందించే కొత్త నాళాలు పెరగకుండా ఆపే బెవాసిజుమాబ్ ఇంజెక్షన్ల గురించి పెద్ద ఆసుపత్రిలో అడగాలి.

పీల్చేటప్పుడు మెడ గుంట లోపలికి పోతున్నా, నిద్రలో కూడా కూత వస్తున్నా చెన్నై రైలు కోసం చూడొద్దు, దగ్గరి ఎమర్జెన్సీకి వెళ్లండి. అంత దూరం రానివ్వకుండా కావలి పాప వాళ్ల నాన్న ఒక పద్ధతి పెట్టుకున్నాడు. ప్రతి ఆదివారం పాపచేత ఒకటి నుంచి పది వరకు చెప్పించి ఫోన్‌లో రికార్డు చేస్తాడు. గడువు పెంచాలా, ముందుకు జరపాలా అనేది ఇప్పుడు మేం ఆ రికార్డింగులు వరసగా విని తేల్చుకుంటున్నాం. మొన్నటిదాంట్లో "ఏడు" దగ్గర గొంతు కొంచెం విరిగింది. వచ్చే నెల 3న కెమెరా వేసి చూస్తాను.