ఎనిమిది కెమెరాలు, 6 టీబీ డిస్కు: మా అంగడిలో రెండేళ్ళ వాడకం

బెంగళూరు మారతహళ్ళిలో మాది కిరాణా అంగడి. ఎనిమిది 4 మెగాపిక్సెల్ ఐపీ కెమెరాలు, వాటి రికార్డింగ్‌ను డిస్కులో దాచే ఎనిమిది ఛానళ్ళ ఎన్‌వీఆర్ పెట్టె బిగించి రెండేళ్ళు దాటింది. బొమ్మ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. పగలు బాగుంటుంది, రాత్రి పర్వాలేదు. నేను రాయదలచుకున్నది రికార్డింగ్ ఎన్ని రోజులు నిలుస్తుందన్నదాని గురించి. కెమెరాలు కొనేటప్పుడు అందరూ మెగాపిక్సెల్ అడుగుతారు, ఇది మాత్రం అడగరు.

మాకు ఎన్ని రోజులు కావాలో ముందు చెప్తాను. ప్రతి నెలా ఒకటో తారీఖున స్టాకు లెక్క చూస్తాం. నూనె డబ్బాలో, బాదంపప్పు ప్యాకెట్లో తక్కువ పడ్డాయని ఆ రోజే తెలుస్తుంది. పోయింది ముందు నెల రెండో తారీఖున కూడా అయుండొచ్చు. లెక్క తేలడానికి రెండు రోజులు, కూర్చుని రికార్డింగ్ వెతకడానికి ఇంకో రెండు మూడు రోజులు పడతాయి. అంటే 30 రోజులు చాలవు, 35 దాటాలి. ఖాతా మీద సరుకు తీసుకెళ్ళేవాళ్ళతో వచ్చే మాటపట్టింపులూ నెల తిరిగాకే వస్తాయి. కర్ణాటకలో 2017 నాటి ప్రజా భద్రతా చట్టం ఒకేసారి 100 మంది గానీ, రోజుకు 500 మంది గానీ వచ్చే చోట్లలో 30 రోజుల రికార్డింగ్ ఉంచాలంటుంది. మా అంగడికి అంత జనం రారు. కానీ మా అవసరమే ఆ 30 కంటే ఎక్కువ.

బిగించినవాళ్ళు 4 టీబీ డిస్కు పెట్టి "నెల వస్తుందన్నా" అన్నారు. మొదటి స్టాకు లెక్కలోనే సన్‌ఫ్లవర్ నూనె డబ్బాలు తగ్గాయి. ప్లేబ్యాక్‌లో క్యాలెండర్ తెరిచి చూస్తే వెనక్కి 11 రోజులే ఉంది. డిస్కులో లోపం లేదు, ఎన్‌వీఆర్‌లోనూ లోపం లేదు. లెక్క వేస్తే సరిగ్గా 11 రోజులే రావాలి.

ఆ లెక్కకు కావలసింది ఒక్క అంకె. సెకనుకు ఒక మెగాబిట్ చొప్పున 24 గంటలు రాస్తే 10.8 జీబీ అవుతుంది. రోజుకు 86,400 సెకన్లు, ఎనిమిది బిట్లకు ఒక బైటు, అంతే.

```
రోజుకు GB = మొత్తం Mbps × 10.8
రోజులు = డిస్కు GB ÷ రోజుకు GB
```

మా ఎనిమిది కెమెరాలకూ సెట్టింగుల్లో `Max. Bitrate` దగ్గర 4096 ఉంది, అంటే దాదాపు 4 మెగాబిట్లు. పక్కనే `Bitrate Type` దగ్గర `Constant` ఉంది, అంటే కదలిక ఉన్నా లేకున్నా అంతే రాస్తుంది. ఎనిమిది నాల్గులు 32, దాన్ని 10.8తో హెచ్చిస్తే రోజుకు 345 జీబీ పైచిలుకు. 4000 జీబీని దానితో భాగిస్తే పదకొండున్నర రోజులు. ఇందులో మెగాపిక్సెల్ ఎక్కడా రాలేదు, సెకనుకు ఎన్ని ఫ్రేములో కూడా రాలేదు. డిస్కును నింపేది బిట్‌రేటు, అంటే సెకనుకు ఎన్ని బిట్లు రాస్తుందన్నది, ఒక్కటే. మిగతావన్నీ ఆ బిట్‌రేటులో బొమ్మ ఎంత బాగా ఇముడుతుందో తేలుస్తాయి.

ఈ తేడా పట్టకపోతే మార్పులు చేసినా ఫలితం ఉండదు. ఫిర్యాదు చేస్తే మదనపల్లె కుర్రాడొకడు వచ్చి కోడెక్, అంటే వీడియోను కుదించే పద్ధతి, H.264 తీసేసి H.265 పెట్టాడు. "ఇంక డబుల్ వస్తుందన్నా" అని వెళ్ళిపోయాడు. రెండు వారాల తర్వాత చూస్తే మళ్ళీ 11 రోజులే. H.265 సుమారు సగం బిట్‌రేటుతో అదే బొమ్మ ఇవ్వగలదు, నిజమే. కానీ 4096 `Constant` అని ఉన్నంతకాలం అది ఆ 4096 మొత్తాన్నీ వాడేసుకుంటుంది. బొమ్మ కొంచెం మెరుగవుతుంది, రోజులు మాత్రం పెరగవు. కోడెక్ మార్చాక ఆ అంకెను కూడా మన చేత్తో తగ్గించాలి. ఫ్రేములు 25 నుంచి 15కు దించినా ఇదే కథ: బిట్‌రేటు అలాగే ఉంచితే ఒక్కో ఫ్రేముకు ఎక్కువ బిట్లు దొరికి బొమ్మ తేటపడుతుంది, జాగా మాత్రం మిగలదు.

అప్పుడు నేనూ తమ్ముడూ ఒక ఆదివారం మధ్యాహ్నం అంగడి మూశాక ఒక్కో కెమెరా ముందు పెట్టుకుని కూర్చున్నాం. అన్నిటికీ `H.265`, `Variable`, 15 ఫ్రేములు పెట్టాం. `Variable` అంటే కదలిక తక్కువున్నప్పుడు బిట్‌రేటు తగ్గుతుంది, మనం పెట్టిన గరిష్ఠం మాత్రం దాటదు. ఆ తర్వాత ఏ కెమెరాకు ఎంత బిట్‌రేటు అన్నది విడివిడిగా చూశాం. గల్లా దగ్గర తమ్ముడు నోట్లు లెక్కపెడుతుంటే రికార్డు చేసి, ప్లేబ్యాక్‌లో మధ్యలో ఆపి చూశాను. 1 మెగాబిట్ దగ్గర వేళ్ళు అలుక్కుపోయాయి. 2 దగ్గర వంద నోటో రెండు వందల నోటో చెప్పడం కష్టమైంది. 3 దగ్గర తెలిసింది. అక్కడే ఆగాం. కదలని బొమ్మ చూసి బిట్‌రేటు నిర్ణయించకూడదు. ఖాళీ అంగడి ఎంత తక్కువలోనైనా అందంగానే కనబడుతుంది.

చివరికి తేలినవి ఇవి. రోడ్డు వైపు కెమెరాకు 4 మెగాబిట్లు, వాకిలికి 3, గల్లాకు 3, వెనక సందుకు 2, లోపల అరల మధ్య ఉన్న మూడింటికి ఒక్కొక్కటి ఒకటిన్నర, గోడౌన్‌కు 1. మొత్తం పదిహేడున్నర. రోజుకు 189 జీబీ. 4 టీబీలో ఇది 21 రోజులు. 35 రోజులకు 6,600 జీబీ పైన కావాలి. మామూలుగా అయితే 8 టీబీ తెచ్చి పెట్టి ఊరుకోవచ్చు. కానీ మా ఎన్‌వీఆర్‌లో డిస్కుకు చోటు ఒక్కటే, దాని వివరాల పత్రంలో గరిష్ఠం 6 టీబీ అని ఉంది. కొనేముందు ఆ పత్రంలో ఈ వరస తప్పకుండా చూడండి. కెమెరాల సంఖ్య పెట్టె మీద పెద్ద అక్షరాల్లో ఉంటుంది, ఇది ఉండదు.

6 టీబీలో మొత్తం 31 రోజులు. నాలుగైదు రోజుల కొరత. దాన్ని పూడ్చింది ఎన్‌వీఆర్ చెరిపే పద్ధతి మీద చేసిన మార్పు.

మామూలు అమరికలో డిస్కు నిండగానే అన్నిటికంటే పాత రికార్డింగ్ ముందు పోతుంది, అది ఏ కెమెరాదైనా సరే. కాబట్టి ఎనిమిది కెమెరాలకూ దాదాపు ఒకే తారీఖు వరకు ఉంటుంది. రోడ్డు కెమెరా రాత్రింబవళ్ళు ఆటోలూ బైకులూ రాసుకుంటూ డిస్కు నింపుతుంటే, దాని కోసం గల్లా రికార్డింగ్ చెరిగిపోతుంది. మాకు రోడ్డు రికార్డింగ్ నెల తర్వాత ఎప్పుడూ అక్కర్లేదు. బండికి గీత పడినా, ఎవరైనా అడగడానికి వచ్చినా వారంలోపే. అందుకని `Storage Mode` లో `Quota` ఎంచుకుని కెమెరాకింత అని పంచాం.

ఇక్కడ ఒక చిన్న మెలిక ఉంది. 6 టీబీ డిస్కును ఎన్‌వీఆర్ తెర సుమారు 5,589 జీబీగా చూపిస్తుంది. ఏదీ పోలేదు. డిస్కు తయారీదారు వెయ్యి చొప్పున లెక్కిస్తే, ఎన్‌వీఆర్ 1,024 చొప్పున లెక్కిస్తుంది. తెర మీది జీబీల్లో పని చేసేటప్పుడు 10.8 బదులు 10 వాడితే సరిపోతుంది, నోటిలెక్కకూ సులువు. రోడ్డు కెమెరాకు 15 రోజులు: 4 × 10 × 15, అంటే 600. మిగిలింది 4,989. మిగతా ఏడు కెమెరాలు కలిపి పదమూడున్నర మెగాబిట్లు, రోజుకు 135. భాగిస్తే 36 రోజులు పైన. గల్లా వాటా 3 × 10 × 36, అంటే 1,080. అలాగే మిగతావీ.

ఒక హెచ్చరిక. కొన్ని ఎన్‌వీఆర్‌లలో `Expired Time` అని రోజులు రాసే గడి ఉంటుంది. అందులో 36 అని రాస్తే 36 రోజులు ఉంచుతుందనుకోవద్దు. 36 దాటినవి చెరిపేస్తుందనే దాని అర్థం. డిస్కు ముందే నిండితే ముందే పోతాయి.

రెండేళ్ళలో ఈ లెక్క ఎలా నిలబడిందంటే, రోడ్డు కెమెరా దాదాపు 15 రోజుల దగ్గరే ఉంది. ఎప్పుడు చూసినా దాని బిట్‌రేటు 4096కు అంటుకునే ఉంటుంది, `Variable` వల్ల దానికి ఒరిగిందేమీ లేదు. గల్లా కెమెరా మామూలు నెలల్లో 45 రోజుల దాకా వస్తుంది, ఎందుకంటే రాత్రి అంగడి మూశాక అక్కడ కదలిక ఉండదు. దసరా, దీపావళి రద్దీలో 40కి దిగుతుంది. 36 కంటే కిందికి ఎప్పుడూ పోలేదు, నాకు కావలసింది అదే. గోడౌన్‌ది రెండు నెలలు దాటుతుంది. అందుకే `Variable` వల్ల మిగిలే రోజుల్ని లెక్కలో కలుపుకోవద్దంటాను. గరిష్ఠం మీదే లెక్క వేయండి. వచ్చే అదనం పండగ రోజుల్లో ఖర్చవుతుంది.

ఈ మధ్య వెనక సందు కెమెరా రోజులు ఉన్నట్టుండి బాగా తగ్గాయి. ఎన్‌వీఆర్‌లో ప్రతి ఛానల్ ఆ క్షణం ఎంత బిట్‌రేటు తీసుకుంటోందో చూపే పేజీ ఉంటుంది, కొన్నిటిలో దాని పేరే `BPS`. పగలు చూస్తే 700 కిలోబిట్లు, రాత్రి పది తర్వాత 2048కి తాకుతోంది. వెళ్ళి చూస్తే కెమెరా ముందు సాలెగూడు. ఇన్‌ఫ్రారెడ్ వెలుగు దాని మీద పడి తెల్లగా మెరుస్తూ, గాలికి ఊగుతూ ఉంది. కోడెక్‌కు అదంతా కదలికే. తుడిచాక రాత్రి 1,000 కిలోబిట్ల లోపుకి వచ్చింది. చీకట్లో బొమ్మ మీద పడే గరుకు చుక్కలు కూడా బిట్‌రేటును ఇలాగే పెంచుతాయి. కాబట్టి ఎప్పుడు కొలిచినా రాత్రి కూడా కొలవాలి.

కదలిక ఉన్నప్పుడే రాసే పద్ధతి అరల కెమెరాలకు కొన్నాళ్ళు పెట్టి తీసేశాం. జాగా బాగా మిగిలింది. కానీ వంగి కింది అర నుంచి వస్తువు తీసిన మనిషి ఒకసారి మధ్యలో మాయమై చివర్లో కనబడ్డాడు. సరుకు పోయే చోట అలాంటి ఖాళీ నాకు వద్దు.

డిస్కు నిఘా కెమెరాల కోసం చేసిన రకమే తీసుకున్నాం. ఆ రకానికి ఏడాదికి 180 టీబీ పని తట్టుకునేలా రేటింగు ఉంటుంది, మా వాడకం గరిష్ఠంగా 69. మామూలు కంప్యూటర్ డిస్కుల్లో 55 టీబీ రేటింగు ఉన్నవి చాలా ఉన్నాయి, అవి దీనికి చాలవు.

ఇప్పుడు తమ్ముడు గేటు దగ్గర డెలివరీ బండ్ల కోసం తొమ్మిదో కెమెరా అడుగుతున్నాడు. దానికి 3 మెగాబిట్లు ఇస్తే రోజుకు 135 కాస్తా 165 అవుతుంది, 36 రోజులు 30కి పడిపోతాయి. ఛానళ్ళూ ఎనిమిదే. రెండు డిస్కులు పట్టే పదహారు ఛానళ్ళ ఎన్‌వీఆర్ తెచ్చాకే ఆ కెమెరా.