థ్రెడ్ గేజ్ చాలాకాలం వాడాక: పావు ఇంచుకి ప్రాణం, హాఫ్ ఇంచుకి అనుమానం

మడతకత్తిలా తెరుచుకునే థ్రెడ్ గేజ్ గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. ఒక చట్రంలో పళ్ళున్న రేకులు ఉంటాయి. ఏ రేకు మర మీద సందు లేకుండా కూర్చుంటే, దాని మీద ఉన్న అంకె ఇంచుకి ఎన్ని మరలో చెబుతుంది. నాకు ఇది నచ్చడానికి కారణం ఒక్కటే, 19 రేకు. 18 రేకు పక్కన పెట్టి చూస్తే రెండూ కవలల్లా ఉంటాయి. కానీ పావు ఇంచు ఫిట్టింగుల్లో బ్రిటిష్ మరకీ అమెరికన్ మరకీ తేడా అక్కడే దొరుకుతుంది.

మన దగ్గర జీఐ పైపులూ నల్లాలూ అన్నీ బీఎస్‌పీ, అంటే బ్రిటిష్ మర. ఇంచుకి 19 మరలు, మర కోణం 55 డిగ్రీలు, శిఖరాలు గుండ్రంగా ఉంటాయి. అమెరికా తయారీ మెషిన్ మీద వచ్చేది ఎన్‌పీటీ. ఇంచుకి 18 మరలు, కోణం 60, శిఖరం చదునుగా కోసినట్టుంటుంది. ఈ 19, 18 లెక్క 1/4, 3/8 సైజులకే. రెంటినీ షాపులో "పావు ఇంచు" అనే అడుగుతారు, "పావు ఇంచు" అనే ఇస్తారు. ఈ సైజు మర బయటి వ్యాసం దాదాపు 13 మిల్లీమీటర్లు. స్కేలుతో కొలిచి పావు ఇంచు వెతికితే ఎక్కడా కనిపించదు, పాత పైపు లోపలి రంధ్రం పేరు అలా మిగిలిపోయింది.

ఇక బీఎస్‌పీలోనే రెండు రకాలు. జి అక్షరంతో గుర్తించేది నిటారు మర, అంటే ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే వ్యాసం. ఆర్ అనేది కోసుగా సన్నబడే మర, ప్రతి 16 మిల్లీమీటర్ల పొడవుకి 1 మిల్లీమీటరు వ్యాసం తగ్గుతుంది. ఎన్‌పీటీ కూడా ఇదే వాలుతో కోసుగా ఉంటుంది. సన్నబడే మర బిగించేకొద్దీ లోపల చీలలా ఒత్తుకుంటుంది, మిగిలిన సందుని టెఫ్లాన్ నింపుతుంది. అంటే మరే సీలు. నిటారు మర పని వేరు. అది బిగించి పట్టుకోవడానికే, లీకేజీ ఆపేది అడుగున ఉండే వాషరో ఓ రింగో. భారతీయ ప్రమాణాలు కూడా వీటిని వేరుగానే పెట్టాయి. ఐఎస్ 554 మరే సీలు అయ్యే చోటికి, ఐఎస్ 2643 మర సీలు కాని చోటికి.

ఈ తేడా తెలియక ఎక్కువగా చెడిపోయేది కంప్రెసర్ మీద ప్రెజర్ గేజ్. ఈ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. మానిఫోల్డు పోర్టు 1/4 ఎన్‌పీటీ. పాత గేజ్ పగిలింది, మార్కెట్ నుంచి జి 1/4 గేజ్ వచ్చింది. చేత్తో తిప్పితే రెండు మూడు చుట్లు హాయిగా ఎక్కుతుంది, అక్కడే మోసపోతారు. ఆ తర్వాత పోర్టు సన్నబడుతూ వస్తుంది, నిటారు మర సన్నబడదు. పైగా పిచ్, అంటే ఒక శిఖరం నుంచి పక్క శిఖరానికి దూరం, 1.411కి బదులు 1.337 మిల్లీమీటర్లు. ఒక్కో మరకి 0.07 చొప్పున తేడా పేరుకుంటూ పోయి బిగుసుకుంటుంది. పానా వేస్తే ఇంకో చుట్టు ఎక్కుతుంది, కానీ అది బిగుతు కాదు, ఇత్తడి మర చెక్కుకుపోవడం. టెఫ్లాన్ ఎంత చుట్టినా తాకేది ఒకటి రెండు మరల దగ్గరే. కంప్రెసర్ అదురుడికి కొద్ది రోజుల్లో సబ్బునీళ్ళు వేసిన చోట బుడగలు లేస్తాయి. ఇంకొంచెం బిగిద్దామని పట్టుపడితే గేజ్ పోయినా ఫర్వాలేదు, పోర్టు అల్యూమినియం అయితే మానిఫోల్డు మర కూడా పాడవుతుంది.

దీనికి సరైన మందు అడాప్టరు. ఒక వైపు ఎన్‌పీటీ మగ మర, ఇంకో వైపు జి 1/4 ఆడ మర ఉన్నది. మగ వైపుకి టెఫ్లాన్. గేజ్ వైపుకి టెఫ్లాన్ వద్దు, అడుగున రాగి వాషరు వేస్తే గేజ్ కాడ కొస దాన్ని నొక్కి సీలు చేస్తుంది. చాలామంది ఈ వాషరు పారేసి మర నిండా టేపు చుడతారు, ఎందుకో మరి.

కొనేముందు పరీక్ష ఇలా. ముందు మర శుభ్రంగా తుడవాలి, పాత టేపు ముక్క ఒక్కటి మిగిలినా రేకు అబద్ధం చెబుతుంది. వెర్నియర్‌తో బయటి వ్యాసం రెండు చోట్ల చూడాలి, కొస మర మీదా, లోపలి చివరి పూర్తి మర మీదా. 8 మిల్లీమీటర్ల పొడవులో అర మిల్లీమీటరు తేడా వస్తే కోసు మర. రెండు చోట్లా 13.1 చుట్టూ ఉంటే జి 1/4. తర్వాత రేకు పెట్టి వెనుక టార్చి వెలిగించి చూడాలి. కళ్ళు నమ్మకపోతే శిఖరం నుంచి శిఖరానికి ఆరు పిచ్‌లు కొలవండి. 19 మరలదైతే 8.02, 18 మరలదైతే 8.47 మిల్లీమీటర్లు వస్తుంది. ఆడ మరలోకి ఈ రేకు సరిగ్గా దూరదు. అందుకే ఏ రకమో ఖాయంగా తెలిసిన ఒక నిటారు, ఒక కోసు ఫిట్టింగు దగ్గర పెట్టుకుని చేత్తో ఎక్కించి చూస్తాను. నిటారు ఫిట్టింగు అడుగుదాకా తేలిగ్గా వెళితే పోర్టూ నిటారే.

ఇంతవరకూ పొగిడాను గానీ, 1/2, 3/4 దగ్గర ఈ థ్రెడ్ గేజ్ మీద నాకు అంత నమ్మకం లేదు. ఆ రెండు సైజుల్లో బీఎస్‌పీ, ఎన్‌పీటీ రెండూ ఇంచుకి 14 మరలే. ఒకే రేకు రెండింటి మీదా కూర్చున్నట్టే అనిపిస్తుంది. 55, 60 డిగ్రీల తేడాకి మర పక్కన పడే సందు 0.06 మిల్లీమీటర్లు మించదు, అరిగిన మర మీద అది కనపడదు. వెర్నియర్ కూడా పెద్దగా కాపాడదు. హాఫ్ ఇంచు కోసు మరల కొసలు చూస్తే బీఎస్‌పీది 20.4 చుట్టూ, ఎన్‌పీటీది 20.7 చుట్టూ. అంత తక్కువ తేడా కొంచెం అరిగితే మాయం. ఒకదానిలో ఒకటి ఎక్కుతాయి కూడా, చక్కగా బిగుస్తాయి కూడా. కానీ కోణాలు కలవక మర వెంబడి మెలికలుగా సన్నని దారి మిగులుతుంది. ఓవర్‌హెడ్ ట్యాంకు నీళ్ళకి టేపు ఆ దారిని మూయవచ్చు, గాలికి, నూనెకి మూయదు. ఇక్కడ నేను గేజ్ కంటే ముందు ఫిట్టింగు ఒంటి మీద అచ్చు వెతుకుతాను, తర్వాత మెషిన్ ఏ దేశానిదో చూస్తాను, ఆఖరున 60 డిగ్రీల 14 రేకు, 55 డిగ్రీల 14 రేకు రెండూ మార్చి మార్చి పెడతాను. 1 ఇంచు నుంచి 2 ఇంచుల దాకా మళ్ళీ కొంత తేలిక, బీఎస్‌పీ 11, ఎన్‌పీటీ పదకొండున్నర.

ఒక మాట అడుగుతారు, కోసు మగ మరని నిటారు ఆడ మరలోకి ఎక్కించకూడదా అని. బీఎస్‌పీలో బీఎస్‌పీ అయితే ఎక్కించొచ్చు, ఆర్‌పీ అనే ఆడ మర ఉన్నదే అందుకు. జి ఆడ మరలో మాత్రం వాడుకలో నడుస్తుంది గానీ, ప్రెజర్ ఎక్కువైన చోట నేను నమ్మను. తిరగేసి, నిటారు మగ మరని కోసు ఆడ మరలో ఎక్కించడం ఎక్కడా పనికిరాదు.

కొనాలా? ఇంటి నల్లాలూ మోటారూ వరకే చూసుకునేవాళ్ళకి అక్కర్లేదు, అక్కడ అంతా బీఎస్‌పీయే. నా చేతికి కంప్రెసర్లూ హైడ్రాలిక్ పంపులూ వస్తుంటాయి కాబట్టి నాకు పనికొచ్చింది. తీసుకునేటప్పుడు మాత్రం రేకులు లెక్కపెట్టకుండా అంకెలు చదవండి. 55 డిగ్రీల్లో 11, 14, 19, 28 ఉండాలి. 60 డిగ్రీల్లో పదకొండున్నర, 14, 18, 27 ఉండాలి. 60 డిగ్రీలు అని చెప్పి మెట్రిక్ రేకులు మాత్రమే ఇచ్చే సెట్లు ఉన్నాయి, వాటితో ఎన్‌పీటీ తేలదు.