పిన్నీసు, పనసపిక్క, నరసాపురం ఆటో: కాలి అనాటమీ పదకోశం రెండేళ్ల వాడుక తర్వాత

నోట్సు అప్‌లోడ్ చేస్తే అందులోని పదాలు ఏరి, నిర్వచనం, పదం పుట్టుక, గుర్తుపెట్టుకునే చిట్కా రాసిచ్చే ఏఐ టూల్స్ ఇప్పుడు చాలా ఉన్నాయి. కాకినాడ, అమలాపురం, భీమవరం వైపు నర్సింగ్, ఫిజియోథెరపీ చదివేవాళ్లు రాసుకునే నోట్సుకి ఇవి ఎంతవరకు పనికొస్తాయన్నదే ఈ సమీక్ష. మోకాలి కింది భాగం, అంటే లెగ్ చాప్టర్ ఒక్కటే ఉదాహరణగా తీసుకుంటున్నా. ముందే చెప్పాలంటే నిర్వచనాలకి ఫర్వాలేదు. పదాల పుట్టుక దిద్దుకుంటే బంగారం. చిట్కాలు మాత్రం చాలావరకు మనమే రాసుకోవాలి.

తప్పుల్లో సగం అప్‌లోడ్ దగ్గరే పుడతాయి. మన నోట్సు ఇంగ్లిషులో ఉంటుంది, మార్జిన్‌లో మాత్రం పిక్క, చీలమండ, మడమ అని తెలుగులో రాసుకుంటాం. టూల్ ఈ తెలుగు మాటల్ని ఒక్కోసారి పక్క వరుసలోని ఇంగ్లిషు పదానికి అంటగడుతుంది. వానాకాలంలో చెమ్మపట్టిన కాగితంలో వెనకవైపు సిరా కూడా కనిపించి అక్షరాలు కలిసిపోతాయి. పేజీ కింద నల్ల కాగితం పెట్టి, 300 డీపీఐలో స్కాన్ చేస్తే ఆ బెడద చాలావరకు పోతుంది. మొత్తం పుస్తకం ఒకేసారి ఎక్కించకూడదు. ఆరేడు పేజీలు దాటితే చివరి పేజీల పదాలు జారిపోతున్నాయి, పైగా నోట్సులో లేనివి వచ్చి చేరుతున్నాయి. అందుకే ప్రతి పదానికీ పేజీ నంబరు గడి తప్పనిసరి. ఆ గడి ఖాళీగా ఉన్నా, ఆ పేజీలో వెతికితే పదం దొరకకపోయినా, అది బయటనుంచి తెచ్చిపెట్టిందే.

చేతిరాతతో వచ్చే ప్రమాదం ఎలాంటిదో ఒక్క పదంలో చూడొచ్చు. నోట్సులో ఉన్నది కామన్ పెరోనియల్ నర్వ్. అందులోని ‘ఓ’ అక్షరం సరిగ్గా ముడిపడక టూల్ దాన్ని పెరినియల్ అని చదివింది. ఒక్క అక్షరం తేడాతో నరం మోకాలి పక్కనుంచి కటి అడుగు భాగానికి వెళ్లిపోయింది. మూత్రద్వారం, మలద్వారం చుట్టూ ఉండే ప్రాంతానికి చెందిన నరమని తడబాటు లేకుండా నిర్వచనం రాసేసింది. వాక్యం శుభ్రంగా ఉంది కాబట్టి పైపైన చదివితే దొరకదు. పట్టుకునే దారి ఒకటే: నిర్వచనం చెప్పే చోటు, ఆ పేజీ చాప్టర్ చోటు ఒకటేనా అని చూడడం. కాలి చాప్టర్‌లో కటి అడుగు కనిపించిందంటే స్కాన్ తీసి చూడాల్సిందే. ఇలియం, ఇలియం అని తెలుగులో ఒకేలా పలికే తుంటి ఎముక, చిన్నపేగు చివరి భాగం విషయంలోనూ ఇదే జరుగుతుంది. ఇంగ్లిషు స్పెల్లింగ్‌లో తేడా ఒక్క అక్షరమే.

దిద్దిన తర్వాత ఆ నరం కార్డు ఇలా ఉండాలి: సయాటిక్ నరం నుంచి చీలి, మోకాలి బయటివైపు ఫిబ్యులా మెడ చుట్టూ తిరిగి, సూపర్‌ఫిషియల్, డీప్ అని రెండు కొమ్మలవుతుంది. అక్కడ చర్మం కిందే ఎముకని ఆనుకుని ఉంటుంది కాబట్టి బిగుతుగా వేసిన సిమెంటు కట్టు ఒత్తినా దెబ్బతింటుంది. అప్పుడు పాదం పైకి లేవదు, ఫుట్ డ్రాప్ వస్తుంది. ఎక్కడినుంచి, ఎటుగా, దేనికి, పోతే ఏమవుతుంది అన్న ఈ నాలుగూ ఉంటే నిర్వచనం చాలు. టూల్‌కి ఈ నాలుగింటినీ ముందే సూచనగా ఇవ్వకపోతే ‘కాలిలోని ముఖ్యమైన నరం’ లాంటి ఉప్పూకారం లేని మాటలు రాస్తుంది.

పదం పుట్టుక గడి నిజంగా అక్కరకొచ్చేది ఇక్కడే. ఫిబ్యులా అంటే లాటిన్‌లో బట్టలకి పెట్టుకునే పిన్ను. పెరోనే అన్నా గ్రీకులో పిన్నే. అంటే పెరోనియల్, ఫిబ్యులర్ రెండూ ఒకే మాటకి రెండు భాషల రూపాలు. 1998 నాటి అంతర్జాతీయ అనాటమీ పదావళి ఫిబ్యులర్‌ని ముందు పెట్టి, పెరోనియల్‌ని ప్రత్యామ్నాయంగా ఉంచింది. పాత నోట్సులో పెరోనియస్ లాంగస్, కొత్త పుస్తకంలో ఫిబ్యులారిస్ లాంగస్ ఉంటాయి. రెండూ అప్‌లోడ్ చేస్తే టూల్ రెండు కండరాలుగా రెండు కార్డులు చేస్తుంది. ‘మరో పేరు’ అని ఒక గడి పెడితే ఈ గొడవ తీరుతుంది.

చిట్కా కూడా ఆ పుట్టుకలోంచే రావాలి. తెరిచిన పిన్నీసు చూడండి: కదలని కడ్డీ టిబియా, సన్నటి సూది ఫిబ్యులా. సూదిని కాలి బయటివైపు ఉంచి ఊహించుకుంటే పక్క కూడా గుర్తుంటుంది. పోలిక అక్కడితో ఆగిపోవాలి. పిన్నీసు సూదిలా ఫిబ్యులా తెరుచుకోదు, శరీరం బరువులో ఎక్కువ భాగం మోసేది టిబియానే.

గాస్ట్రోక్నీమియస్‌కి గ్రీకులో ‘కాలి పొట్ట’ అని అర్థం. టూల్ రాసిన ఇంగ్లిషు చిట్కా నోరు తిరగనిది. మనకేమో పిక్క అన్న మాటే ఉంది. పనసపిక్కలు రెండు పక్కపక్కనే పెట్టినట్టుంటాయి దాని రెండు తలలు. లోపలివైపు పిక్కని కాస్త కిందికి జరపండి. మీడియల్ హెడ్ నిజంగానే లాటరల్ కంటే కిందిదాకా దిగుతుంది.

లోపలి చీలమండ వెనక కండరాల స్నాయువులు, రక్తనాళాలు, నరం ఉండే వరుస విషయంలో టూల్ ప్రతిసారీ ఇచ్చేది ఇంగ్లిషు వాళ్ల టామ్, డిక్, హ్యారీ. పేర్లు గుర్తుంటాయిగానీ ఎవరి వెనక ఏముందో పరీక్షలో తడుముకోవాలి. దానికి బదులు ఇది నిలబడింది: ‘టిఫిను డిక్కీలో, ఆటో వెళ్ళింది నరసాపురం హడావిడిగా.’ టిబియాలిస్ పోస్టీరియర్, ఫ్లెక్సర్ డిజిటోరమ్ లాంగస్, పోస్టీరియర్ టిబియల్ ఆర్టరీ, వెయిన్, టిబియల్ నర్వ్, ఫ్లెక్సర్ హాలూసిస్ లాంగస్. ‘ముందునుంచి వెనక్కి’ అని కార్డు మీద రాయకపోతే మాత్రం ఏ చిట్కా అయినా తిరగబడుతుంది. తొలి అక్షరాల చిట్కా వరుసని చెబుతుంది తప్ప మొదలెక్కడో చెప్పదు.

ఇక టూల్‌ని ఎంతవరకు నమ్మొచ్చో తేల్చేది సఫీనస్ అన్న సిర పేరు. ఒకసారి అడిగితే గ్రీకులో ‘స్పష్టంగా కనిపించేది’ అని రాసింది, మరోసారి అరబిక్‌లో ‘దాగినది’ అని రాసింది. నిజానికి పండితుల్లోనే ఈ రెండు వాదాలూ ఉన్నాయి, తప్పల్లా ప్రతిసారీ ఒక్కదాన్నే ఖాయమైనట్టు చెప్పడం. అందుకని ప్రతి బ్యాచ్‌నీ రెండుసార్లు నడిపించి పుట్టుక గడుల్ని పోల్చాలి. తేడా వచ్చినవాటిని నిఘంటువులో చూసి, అక్కడా తేలకపోతే ‘వివాదం’ అని రాసి వదిలేయాలి. తేలని పుట్టుక మీద చిట్కా కట్టకూడదు. సఫీనస్ కార్డులో చోటునే చిట్కాగా పెట్టాం: గ్రేట్ సఫీనస్ సిర లోపలి చీలమండకి ముందునుంచి పైకెక్కుతుంది, టిఫిను ఆటో వెళ్లేదేమో దాని వెనకనుంచి.

ఫైలు దించుకునేటప్పుడు గడుల మధ్య కామా బదులు సెమికోలన్ పెట్టించండి. నిర్వచనాల్లో కామాలుంటాయి కాబట్టి లేకపోతే ఒక్కో వరుస ముక్కలైపోతుంది.

```
పదం;మరో పేరు;నిర్వచనం;పుట్టుక;చిట్కా;పేజీ
```

తెలుగు అక్షరాల బదులు పిచ్చి గుర్తులు కనిపిస్తే ఫైలు పాడైనట్టు కాదు. UTF-8 ఎంచుకుని మళ్లీ తెరిస్తే సరిపోతుంది. అలా తెరవకుండా గుర్తులతోనే సేవ్ చేస్తే మాత్రం తెలుగు తిరిగి రాదు, మళ్లీ దించుకోవాల్సిందే.