ఉత్తీర్ణత మార్కు: నూటికి ఎందరని అడగాలా, అవునా కాదా అని అడగాలా?

వృత్తి ధ్రువపత్రాల పరీక్షలు నిర్వహించేవారు నన్ను మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఒకటుంది. ‘పాసవడానికి ఎన్ని మార్కులు రావాలో తేల్చడానికి నిపుణులను కూర్చోబెట్టి ప్రశ్న ప్రశ్నకూ అంచనా వేయించాలని అనుకున్నాం. బొటాబొటిగా పాసయ్యేవారిలో నూటికి ఎందరు సరిగా రాస్తారో యాంగోఫ్ పద్ధతిలో శాతాలు రాయించాలా, సరిగా రాస్తారా లేదా అని అవును-కాదుతో సరిపెట్టుకోవాలా, తేలిక నుంచి కఠినానికి పేర్చిన ప్రశ్నల మధ్య గుర్తు పెట్టించే బుక్‌మార్క్ పద్ధతికి వెళ్లాలా?’ మూడూ పేరున్న పద్ధతులే, మూడింటినీ సమర్థించే వాదనలున్నాయి. అయినా నా మొగ్గు మొదటి దాని వైపే. కారణం వివరంగా చెబుతాను.

విదేశాల్లో వైద్యం చదివి వచ్చిన మన పిల్లలు రాసే ఎఫ్‌ఎంజీఈలో 300కు 150 వస్తే ఉత్తీర్ణత. పేపరు ఎలా ఉన్నా ఆ గీత కదలదు. బ్రిటన్‌లో వైద్యం చేయడానికి రాసే ప్లాబ్ మొదటి భాగంలో 180 ప్రశ్నలుంటాయి. ఎన్నింటికి సరైన జవాబు రాయాలన్నది అక్కడ నిపుణుల బృందం యాంగోఫ్ పద్ధతిలో తేలుస్తుంది, పేపరును బట్టి అది మారుతుంది. గీత స్థిరంగా ఉంటే పేపరు కఠినంగా వచ్చిన ఏడాది ఆ భారమంతా అభ్యర్థి మోస్తాడు. అందుకే నిపుణుల అంచనా కావాలనుకున్నాం. అయితే నిపుణుడికి కూడా ప్రతి ప్రశ్న మీదా తిరుగులేని అభిప్రాయం ఉండదు. ‘రాయవచ్చు, రాయకపోవచ్చు’ అనిపించే ప్రశ్నలే ఏ పేపరులోనైనా ఎక్కువ. ఆ ఊగిసలాటను పద్ధతి ఏం చేస్తుంది? అంకెలో నిలుపుతుందా, చెరిపేస్తుందా, మరెక్కడైనా దాస్తుందా? నా దృష్టిలో ఎంపికను తేల్చేది ఇదే.

ఒక ప్రశ్నను దగ్గరగా చూద్దాం. నర్సుల ధ్రువపత్ర పరీక్ష అనుకోండి. ‘రోగికి 20 యూనిట్ల ఇన్సులిన్ ఇవ్వాలి. సీసా మీద యు-40 అని ఉంది. ఎన్ని మిల్లీలీటర్లు తీయాలి?’ జవాబులు 0.2, 0.4, 0.5, 0.8. యు-40 అంటే మిల్లీలీటరుకు 40 యూనిట్లు కాబట్టి సరైనది 0.5. యు-100 లెక్క అలవాటైనవారు 0.2 దగ్గర బోల్తా పడతారు.

ఐదుగురు నిపుణులను అడుగుతాం: బొటాబొటిగా పాసయ్యే అర్హత ఉన్న నర్సులు వంద మంది ఈ ప్రశ్న రాస్తే ఎందరు సరిగా రాస్తారు? మొదటి విడతలో వారు 95, 90, 85, 60, 55 అని రాశారనుకుందాం. సగటు 77. ఇప్పుడు చర్చ మొదలవుతుంది. ‘ఇది తప్పు రాస్తే రోగి ప్రాణానికే ముప్పు, కచ్చితంగా తెలిసి ఉండాలి’ అంటారు 95 రాసినవారు. ఆ మాటలో తప్పు లేదు, కానీ అది మనం అడిగిన ప్రశ్నకు జవాబు కాదు. మనం అడిగింది తెలిసి ఉండాలా అని కాదు, ఎందరికి తెలిసి ఉంటుందని. 55 రాసినవారు చిన్న ఆసుపత్రిలో కొత్త నర్సులకు పని నేర్పేవారు. వార్డులో ఇన్సులిన్ సిరంజి మీద గీతలు యూనిట్లలోనే ఉంటాయి కాబట్టి మిల్లీలీటర్ల లెక్క చేసే అవసరం వారికి అరుదుగా వస్తుందని, 0.2 అనే జవాబు చాలామందిని లాగేస్తుందని ఆమె వివరిస్తారు. రెండో విడతలో అంకెలు 80, 80, 75, 65, 60కి వచ్చాయనుకుంటే సగటు 72. ఈ ప్రశ్న ఉత్తీర్ణత మార్కుకు 0.72 చేరుస్తుంది. ఇలా అన్ని ప్రశ్నల సగటులూ కూడితే వచ్చేదే గీత.

ఇదే ప్రశ్నను అవును-కాదు పద్ధతిలో అడగండి: బొటాబొటి అభ్యర్థి దీన్ని సరిగా రాస్తాడా? నూటికి 60 అనుకున్నవారూ ‘అవును’ అనే అంటారు, 80 అనుకున్నవారూ ‘అవును’ అనే అంటారు. ఐదుగురివీ అవునులే, ప్రశ్న గీతకు పూర్తి ఒక మార్కు చేరుస్తుంది. 0.72 అంచనా కాస్తా 1 అయిపోయింది. పైగా అందరూ ఏకాభిప్రాయంతో ఉన్నట్టు కనిపిస్తుంది కాబట్టి చర్చే జరగదు. సిరంజి గీతల సంగతి ఆమె మనసులోనే ఉండిపోతుంది.

ఒక్క ప్రశ్నలో పెరిగింది మరో ప్రశ్నలో తగ్గి సరిపోతుందనే వాదన ఉంది. పేపరులో తేలికవీ కఠినమైనవీ సమంగా ఉంటే అది నిజమే. కానీ ధ్రువపత్ర పరీక్షల్లో చాలా ప్రశ్నలు బొటాబొటి అభ్యర్థికి సగానికి పైగా అవకాశం ఉన్నవే. పది ప్రశ్నలకు ఒక నిపుణుడి అంచనాలు 90, 85, 80, 72, 70, 65, 60, 55, 45, 40 అనుకోండి. శాతాల ప్రకారం కూడితే పదికి 6.62. అవును-కాదు ప్రకారం సగం దాటినవి ఎనిమిది, అంటే పదికి 8. ఇదే వాటంతో 100 ప్రశ్నల పేపరు ఉంటే ఒకటి 66 దగ్గర, మరొకటి 80 దగ్గర గీత గీస్తుంది. నిపుణుడి అభిప్రాయం రెంటిలోనూ ఒకటే. పేపరు కఠినంగా ఉంటే కథ తిరగబడుతుంది. అన్ని ప్రశ్నలకూ 40 అనుకున్న నిపుణుడి అవును-కాదు గీత సున్నా. నాలుగు జవాబుల పేపరులో కళ్లు మూసుకుని గీకినా పాతిక శాతం వస్తుంది కదా! బృందంలో కొందరు అవునని, కొందరు కాదని అన్నప్పుడు ఈ వంకర కొంత సర్దుకుంటుంది, పూర్తిగా పోదు. ఎక్కువ మంది నిపుణులను చేర్చినా పోదు, ఎందుకంటే ఇది నిపుణుల పొరపాటు కాదు, అడిగిన తీరులోనే ఉంది.

చాలామంది గమనించని సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి. 1971లో విలియం యాంగోఫ్ ఈ పద్ధతిని వర్ణించినప్పుడు అసలు పాఠంలో ఉన్నది అవును-కాదే. శాతాలు రాయించే మార్గాన్ని ఆయన అడుగున పాదసూచికలో పేర్కొన్నారు. ఆలోచన తనది కాదని, లెడ్యార్డ్ టక్కర్‌దని కూడా చెప్పారు. యాంగోఫ్ పేరుతో లోకమంతా ఎక్కువగా వాడుతున్నది ఆ పాదసూచికలోని మార్గమే. కాబట్టి అవును-కాదును చౌకబారు నకలని కొట్టిపారేయడం న్యాయం కాదు. త్వరగా పూర్తవుతుంది, కొత్త నిపుణులకు తేలిగ్గా అర్థమవుతుంది. నా అభ్యంతరం దాని పుట్టుక మీద కాదు, పైన చూపిన కూడిక మీద.

బుక్‌మార్క్ సంగతి వేరు. 1990ల మధ్యలో అమెరికా పాఠశాల పరీక్షల కోసం రూపొందిన పద్ధతి ఇది. అభ్యర్థులు నిజంగా రాసిన జవాబుల ఆధారంగా ప్రశ్నలను తేలిక నుంచి కఠినానికి పేర్చి పుస్తకంగా కడతారు. బొటాబొటి అభ్యర్థికి పట్టు ఎక్కడ జారుతుందో అక్కడ నిపుణుడు గుర్తు పెడతాడు. ప్రశ్న కష్టాన్ని ఊహించే పని తప్పుతుంది, అది పెద్ద ఊరటే. కానీ పట్టు జారడం అంటే ఏమిటి? సాధారణంగా సరిగా రాసే అవకాశం మూడింట రెండు వంతుల కంటే తగ్గడం అని నిర్వచిస్తారు. సగం కంటే తగ్గడం అని కూడా నిర్వచించవచ్చు. గుర్తు ఒకే ప్రశ్న దగ్గర ఉన్నా, ఈ రెండు నిర్వచనాల మధ్య ప్రశ్నలు ఓ మోస్తరు కష్టంగా ఉన్న 100 మార్కుల పేపరులో పదికి పైగా మార్కుల తేడా వస్తుంది. నిర్వచనం మారితే నిపుణుడు గుర్తునూ జరపాలి, సూత్రం అదే. 67కూ 50కీ తేడాను మనసులో పట్టుకుని అంత కచ్చితంగా జరపగలవారు ఎందరుంటారు? ఊగిసలాట ఇక్కడ చెరిగిపోలేదు, సమావేశానికి ముందే గణాంకవేత్త ఎంచుకున్న అంకెలో దాక్కుంది. దాని మీద నిపుణులు చర్చించరు. పైగా ప్రశ్నలను నమ్మకంగా పేర్చాలంటే వందల మంది ముందే రాసి ఉండాలి. ఏడాదికి అరవై మంది రాసే పరీక్షకు ఈ పద్ధతి గురించి ఆలోచించడమే దండగ.

శాతాల పద్ధతికి లోపాలు లేవా? ఉన్నాయి, చిన్నవి కావు. మనుషులు ప్రశ్న కష్టాన్ని అంత బాగా అంచనా వేయలేరు. తేలిక ప్రశ్నలను ఉన్నదానికంటే కష్టమనీ, కష్టమైనవాటిని ఉన్నదానికంటే తేలికనీ భావించి అందరూ మధ్యకు చేరతారు. తమ స్థాయిని కొలబద్దగా పెట్టుకుని అన్నిటికీ 90కి పైగా రాసేవారూ ఉంటారు. అయితే ఈ లోపాలన్నీ కాగితం మీద కనిపిస్తాయి, నాకు నచ్చేదీ అదే. ఒక నిపుణుడి అంకెలన్నీ 65కూ 75కూ మధ్యే ఉంటే అతను ప్రశ్నలను విడదీసి చూడలేదని తెలుస్తుంది. నాలుగు జవాబుల ప్రశ్నకు ఎవరైనా 10 రాస్తే, ఊహించి రాసినా పాతిక మందికి తగులుతుందన్నది మరిచారనో, అభ్యర్థులను బలంగా లాగే తప్పు జవాబు ఉందనో అర్థం. అది ఏదో ఆయన్నే అడగాలి.

అందుకే సమావేశంలో కొన్ని పట్టింపులు అవసరం. నిపుణులు ముందుగా జవాబుల పట్టిక లేకుండా పేపరు రాయాలి. తామే రెండు మూడు తప్పు రాశాక 95లు వాటంతటవే తగ్గుతాయి. తర్వాత బొటాబొటి అభ్యర్థికి ఏమి వచ్చు, ఏమి రాదు అన్నది అందరూ కలిసి వాక్యాలుగా రాసుకోవాలి. ‘సగటు నర్సు’ అంటే చాలదు. ‘మందు మోతాదు లెక్క కాగితం మీద చేయగలదు, కానీ ప్రమాణం మారితే తడబడుతుంది’ అన్నంత నిర్దిష్టంగా ఉండాలి. మొదటి విడత అయ్యాకే అసలు ఫలితాలు చూపాలి. అందరు అభ్యర్థుల శాతం చూపకండి, అందులో బాగా చదివినవారు కలిసి ఉంటారు. మొదటి గీతకు కాస్త అటూ ఇటూ మార్కులు వచ్చినవారిలో ఎందరు సరిగా రాశారో చూపండి. రెండో విడతలో అందరి అంకెలూ చూపిన శాతం మీదికే వచ్చి వాలితే నిపుణులు ఆలోచించడం మానేశారని గుర్తు. అప్పుడు ఆ గీత వారిది కాదు, ఆ ఏడాది పరీక్ష రాసినవారిది.

మిగతావాటి గురించి రెండు మాటలు చాలు. నెడెల్‌స్కీ 1954లో చెప్పిన పద్ధతిలో బొటాబొటి అభ్యర్థి ఏ తప్పు జవాబులను కొట్టేయగలడో గుర్తించి, మిగిలినవాటిలో ఊహించి రాసినట్టు లెక్కిస్తారు. జవాబుల పొందిక పరిశీలించడానికి మంచిది, అంతకు మించి నేను వాడను. ఎబెల్ పద్ధతి ప్రశ్నలను కష్టం, ప్రాధాన్యం అనే గళ్లలో వేసి గడికొక శాతం అడుగుతుంది. వందల ప్రశ్నలుండి సమయం లేనప్పుడు పనికొస్తుంది. హాఫ్‌స్టీ పద్ధతిని సరిచూసుకోవడానికి వాడుకోవచ్చు. సమావేశం మొదట్లోనే నిపుణులు ఒప్పుకోగల కనీస, గరిష్ఠ ఉత్తీర్ణత మార్కులూ, కనీస, గరిష్ఠ వైఫల్య శాతాలూ రాయించి కవరులో పెట్టండి. శాతాల కూడికతో వచ్చిన గీత ఆ హద్దుల్లో పడకపోతే ఫలితాలు ప్రకటించే ముందు మళ్లీ కూర్చోవాల్సిందే.

ఒక్క సందర్భంలో మాత్రం అవును-కాదునే ఎంచుకుంటాను. చెయ్యాల్సిన పనుల జాబితాలా సాగే పరీక్షలో ప్రతి అంశమూ బొటాబొటి అభ్యర్థికి దాదాపు ఖాయంగా వచ్చేదో, దాదాపు ఖాయంగా రానిదో అయినప్పుడు. అంచనాలన్నీ 95 దగ్గరో 5 దగ్గరో ఉంటే రెండు కూడికలూ దాదాపు ఒకచోటికే వస్తాయి, శ్రమ మిగులుతుంది. మీ పరీక్ష అలాంటిదో కాదో తేల్చుకోవాలంటే ఇరవై ప్రశ్నలు తీసుకుని నలుగురు నిపుణులతో ముందు శాతాలు రాయించండి. 40కీ 80కీ మధ్య పడిన అంకెలు ఎన్నో లెక్కపెట్టండి. అవి సగానికి మించి ఉంటే శాతాలే రాయించండి, సమావేశానికి రెండో రోజు కేటాయించాల్సి వచ్చినా సరే.