ఒకే ఊరు, రెండు గుళ్లు: పిట్స్‌బర్గ్ పోలిక

1970లలో అమెరికాలోని పిట్స్‌బర్గ్ భారతీయులు ఒకే గుడి కట్టుకోవాలనుకున్నారు. ఎలాంటి గుడి అన్న దగ్గర విడిపోయి రెండు కట్టుకున్నారు. వలస వెళ్లిన చోట గుడి ఎలా మారుతుందో చూసే పరిశోధకుడికి ఇంతకంటే మంచి పోలిక దొరకదు.

పెన్ హిల్స్‌లోని వేంకటేశ్వరాలయం తిరుమల నమూనాలో, టీటీడీ సాయంతో కట్టింది. ప్రధాన దైవం ఒక్కరే, పూజ ఆగమం ప్రకారం. దగ్గర్లోనే మన్రోవిల్‌లోని హిందూ-జైన్ మందిరంలో దేవతలు, తీర్థంకరులు ఒకే కప్పు కింద ఉంటారు. ఇక్కడ ఏ ఒక్క ప్రాంతపు పద్ధతీ చెల్లదు, కాబట్టి సర్దుబాటు బహిరంగంగానే జరుగుతుంది.

వేంకటేశ్వరాలయం మారలేదని అనుకుంటాం. నాకైతే అసలు మార్పు అలాంటి చోటే ఆసక్తిగా ఉంటుంది. మన ఊళ్లలో గర్భగుడి అర్చకుడు వేరు, పెళ్లి చేయించే పురోహితుడు వేరు. అమెరికా గుళ్లలో రెండు పనులూ చాలావరకు ఒకరివే. తిథి మంగళవారం పడితే గుళ్లో పూజ ఆ రోజే జరిగినా, జనం వచ్చే వేడుక శనివారానికి మారుతుంది. సంకల్పంలో 'జంబూద్వీపే' బదులు 'క్రౌంచద్వీపే' అనే అర్చకులున్నారు. మంత్రం అదే, చిరునామా మారింది!

కమ్యూనిటీ సెంటర్‌గా మారడంలో మాత్రం పెద్ద తేడా లేదు. హాలు, వంటిల్లు, పిల్లల తరగతులు రెండు రకాల గుళ్లకూ కావాలి. ఎవరి భాషలో మాట్లాడుకుంటారన్నదే తేడా.