నెలలు, హోదా, పని: రెజ్యూమెలో ఏది సాగుతుంది, ఏది తెగుతుంది?

2023 నవంబరులో మా పిన్ని కొడుకు మూడు కాగితాలు పట్టుకుని విజయవాడ పటమటలో మా ఇంటికొచ్చాడు. మూడూ వాడి రెజ్యూమెలే. "అన్నయ్యా, వీటిలో ఏది పంపితే మంచిది?" అన్నాడు. హైదరాబాదులో ఆరేళ్లు ఉద్యోగానికి వచ్చేవాళ్లు చెప్పిన అనుభవం నిజమో కాదో సరిచూసే బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ టీములో పనిచేశాను కాబట్టి నన్నడిగాడు.

వాడి అసలు సంగతి ఇది. 2021లో గుంటూరు దగ్గర కాలేజీలో ఈసీఈ బీటెక్ పూర్తయింది. అదే ఏడు నవంబరు 8న విజయవాడలో ఒక బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరాడు. లెటర్‌లో హోదా టెక్నికల్ సపోర్ట్ ఎగ్జిక్యూటివ్, జీతం 14 వేలు, పీఎఫ్ కట్ అయ్యేది. 2023 జనవరి 31న మానేశాడు. ఆ తర్వాత మా పిన్నికి ఆపరేషన్ కావడంతో తొమ్మిది నెలలు ఇంట్లోనే ఉండిపోయాడు. అంటే మొత్తం అనుభవం పదిహేను నెలలకు కాస్త తక్కువ. హైదరాబాదులో చూసిన ఉద్యోగాలన్నీ రెండేళ్ల అనుభవం అడుగుతున్నాయి.

మొదటి కాగితంలో పాత కంపెనీలోనే 2023 నవంబరు దాకా ఉన్నట్టు రాశాడు. రెండోదాంట్లో తేదీలు నిజమే కానీ హోదా సాఫ్ట్‌వేర్ డెవలపర్ అయింది, చేసిన పని కూడా పెరిగింది. మూడోది ఒక కన్సల్టెన్సీవాళ్లు తయారుచేసి ఇచ్చింది. ఎప్పుడూ గడప తొక్కని కంపెనీలో రెండేళ్లు డెవలపర్‌గా చేసినట్టు అందులో ఉంది. అబద్ధాలన్నీ ఒకే రకం అనుకుంటాం గానీ, ఒక్కోటి ఒక్కో చోట దొరుకుతుంది. కొన్ని కాగితంలో దొరుకుతాయి, కొన్ని మాటలో దొరుకుతాయి.

తేదీల అబద్ధం కాగితంలో దొరుకుతుంది. అన్నిటికంటే తొందరగా దొరికేది కూడా అదే. పీఎఫ్ ఉన్న ఉద్యోగికి ఆధార్‌తో ముడిపడిన యూఏఎన్ నంబరు ఉంటుంది. ఈపీఎఫ్ఓ సైట్‌లో లాగిన్ అయి `View > Service History` నొక్కితే ఏ సంస్థలో ఏ రోజు చేరాం, ఏ రోజు మానేశాం అన్నది వరుసగా కనిపిస్తుంది. వెరిఫికేషన్ వాళ్లు మన అనుమతి తీసుకుని చూసేది ఆ పేజీనే. పాస్‌బుక్‌లో ఏ నెలకు ఎంత జమయిందో కూడా ఉంటుంది. మావాడి పాస్‌బుక్‌లో 2023 జనవరి తర్వాత ఒక్క జమ కూడా లేదు. "పాత సార్ మంచోడు, ఫోన్ చేస్తే నవంబరు దాకా ఉన్నాడని చెప్తాడు" అన్నాడు. అలా చెప్పిస్తే పరిస్థితి ఇంకా పాడవుతుంది. హెచ్‌ఆర్ ఒకటి చెప్పి, పీఎఫ్ ఇంకొకటి చూపిస్తే, అప్పటిదాకా తేదీ తేడాగా ఉన్నది ఇద్దరూ కలిసి చేసిన మోసం అవుతుంది.

పీఎఫ్ లేని చిన్న ఆఫీసులైతే? ఇరవై మందికంటే తక్కువ ఉన్న సంస్థలకు పీఎఫ్ తప్పనిసరి కాదు కాబట్టి విజయవాడలో అలాంటి ఆఫీసులు చాలానే ఉన్నాయి. జీతం తక్కువైతే టీడీఎస్ కూడా కట్ కాదు, పన్ను వివరాలు చూపే ఫారం 26ఏఎస్‌లో ఏమీ కనిపించదు. అప్పుడు బ్యాంకు స్టేట్‌మెంట్ అడుగుతారు. జీతం పడిన నెలలు లెక్కపెడతారు. చేతికి నగదు ఇచ్చే చోట పనిచేసినవాళ్లకు నిజం చెప్పినా రుజువు చేసుకోవడం కష్టమవుతుంది. ఇది నాకు ఎప్పుడూ బాధ కలిగించే సంగతి. అలాంటి చోట పనిచేస్తున్నవాళ్లు ఇప్పటికైనా జీతం బ్యాంకులో వేయమని అడగాలి.

రెజ్యూమెలో నెలలు తీసేసి "2021–2023" అని మాత్రమే రాస్తే సరిపోతుందా అని కూడా అడిగాడు. రాయడం తప్పు కాదు. కానీ ఆఫర్ ఖాయమయ్యే సమయానికి వెరిఫికేషన్ ఫారం అని ఇంకోటి వస్తుంది. అందులో చేరిన తేదీ, మానేసిన తేదీ రోజుతో సహా రాసి, ఎంప్లాయీ ఐడీ, హోదా, చివరి జీతం, మేనేజరు పేరు నింపి కింద సంతకం పెట్టాలి. రెజ్యూమె చూసి రెండేళ్లు అనుకున్నవాళ్లు అక్కడ పదిహేను నెలలు చూస్తారు. ఇంటర్వ్యూలో నోటితో "రెండేళ్లు సార్" అని ఉంటే ఆ తేడాకి జవాబు ఉండదు. కాబట్టి తేదీల్లో సాగదీయడానికి ఒక్క నెల కూడా చోటు లేదు.

హోదా సంగతి కాస్త వేరు. పీఎఫ్ పేజీలో హోదా కనిపించదు. అందుకే చాలామంది అక్కడ ధైర్యం చేస్తారు. కానీ రిలీవింగ్ లెటర్‌లో ఉంటుంది. పైగా వెరిఫికేషన్ వాళ్లు పాత కంపెనీ హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టి, అభ్యర్థి ఇచ్చిన వివరాల పక్కన "సరే" లేదా "తేడా" అని రాసి పంపమంటారు. సపోర్ట్ ఎగ్జిక్యూటివ్‌కి, డెవలపర్‌కి మధ్య తేడా అక్కడ బయటపడుతుంది. చిన్న చిన్న తేడాలు, అంటే "ఎగ్జిక్యూటివ్" బదులు "ఇంజనీరు" లాంటివి, రిపోర్టులో రాసి కంపెనీకి వదిలేయడం నేను చూశాను. తీసుకోవాలా వద్దా అన్నది ఆ కంపెనీ ఇష్టం. పని స్వభావమే మారిపోయే హోదాని మాత్రం ఎవరూ అలా వదలరు. లెటర్‌లో ఉన్న హోదాని ఉన్నట్టే రాసి, చేసిన పనిని దాని కింద వాక్యంలో చెప్పడమే మేలు. ఆ వాక్యంలోనే మనకు నిజంగా చోటు ఉంది.

చేసిన పనిని సరిచూడటం ఏ వెరిఫికేషన్ ఏజెన్సీకీ కుదరదు. నువ్వు ఎస్‌క్యూఎల్ రాశావా లేదా అన్నది ఏ సైట్‌లోనూ ఉండదు. ఇంటర్వ్యూలో ఎదురుగా కూర్చున్న మనిషే చూడాలి. మావాడు "డేటాబేస్ డిజైన్ చేశాను, పర్ఫార్మెన్స్ మెరుగుపరిచాను" అని రాశాడు. నేను ఇంటర్వ్యూ చేసేవాడిలా అడిగాను.

"ఎన్ని టేబుళ్లు డిజైన్ చేశావు?"

"అంటే... ఉన్నవే అన్నయ్యా. నేను రిపోర్టులు రాసేవాణ్ణి."

మొదటి ప్రశ్నకే ఆగిపోయింది. "పర్ఫార్మెన్స్ సంగతేంటి మరి?" అన్నాను. అప్పుడు వాడి ముఖం వెలిగింది. గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ షాపు వాళ్ల కస్టమరు. 2022 మార్చిలో సీజను మీద ఉండగా, ఆ రోజు వచ్చిన బస్తాల రిపోర్టు నొక్కితే నలభై సెకన్లు పట్టేదట. రైతులు కౌంటరు దగ్గర నిలబడి ఉంటే గుమాస్తా ఫోన్ చేసి అరిచేవాడట. వీడు రెండు రాత్రులు కూర్చుని కారణం పట్టుకున్నాడు.

```sql
-- ముందు
WHERE DATE(entry_time) = '2022-03-14'
-- తర్వాత
WHERE entry_time >= '2022-03-14'
  AND entry_time <  '2022-03-15'
```

`entry_time` కాలమ్ మీద ఇండెక్స్, అంటే త్వరగా వెతకడానికి వరుసలో పెట్టిన పట్టిక, ముందునుంచే ఉంది. కాలమ్‌ని `DATE()` లోపల పెట్టేసరికి డేటాబేస్ ఆ ఇండెక్స్‌ని వాడుకోలేక, ప్రతి వరుసా చదువుకుంటూ పోతోంది. కాలమ్‌ని విడిగా ఉంచి, రోజు మొదలు నుంచి మర్నాడు మొదలయ్యే దాకా అని అడిగితే రెండు సెకన్లలో రిపోర్టు వచ్చింది. "ఎలా తెలిసింది?" అంటే "`EXPLAIN` పెట్టి డేటాబేస్ ఎలా వెతుకుతోందో చూస్తే ముందు `ALL`, అంటే అన్ని వరుసలూ అని వచ్చేది, మార్చాక `range`, అంటే ఆ మధ్యవి మాత్రమే అని వచ్చింది" అన్నాడు. "మరి మొదట్లో ఎందుకు నెమ్మది కాలేదు?" అన్నాను. "మొదట్లో డేటా తక్కువ అన్నయ్యా, రెండు సీజన్లు నిండాక తెలిసింది" అన్నాడు.

ఇంటర్వ్యూలో నిజమూ అబద్ధమూ తేలేది ఇలాగే. ఎలా చేశావు, ఎందుకలా చేశావు, చేయకముందు ఏం పాడైంది అని వరుసగా మూడు ప్రశ్నలు వేస్తారు. నిజంగా చేసినవాడికి గుమాస్తా అరుపు కూడా గుర్తుంటుంది. చదివి చెప్పేవాడు ఇండెక్స్ అంటే ఏమిటో నిర్వచనం చెప్తాడు, ఆ రోజు ఏం జరిగిందో చెప్పలేడు. "డేటాబేస్ డిజైన్" అన్న పెద్ద మాట వాణ్ణి ముంచేది. నలభై సెకన్లని రెండుకి తెచ్చిన చిన్న మాట వాణ్ణి నిలబెడుతుంది. టీము చేసిన పనిలో మన భాగం కాస్త ముందుకు పెట్టి చెప్పుకోవచ్చు, అందులో తప్పు లేదు. కానీ ఆ మూడు ప్రశ్నలకీ జవాబు ఉన్నంతవరకే.

కన్సల్టెన్సీ కాగితం గురించి కాస్త కటువుగానే చెప్పాను. వాళ్లు ఆఫర్ లెటరు, జీతం స్లిప్పులు, ఫోన్ ఎత్తి "అవును, మా దగ్గర చేశాడు" అనే మనిషిని కూడా ఇస్తామంటారు. అయితే 2021 నవంబరు నుంచి ఆ కంపెనీలో ఉన్నానని చెప్తే, అవే నెలల్లో వాడి యూఏఎన్‌లో విజయవాడ కంపెనీ పీఎఫ్ కనిపిస్తుంది. ఒకే మనిషి రెండు చోట్ల ఎలా ఉన్నాడు? "పీఎఫ్ కూడా కట్టిస్తాం" అనేవాళ్లున్నారు. రెండేళ్ల పీఎఫ్ ఒకేసారి కట్టినట్టు పాస్‌బుక్‌లోని తేదీలే చెప్పేస్తాయి. ఆ కంపెనీ ఎప్పుడు రిజిస్టరయిందో కంపెనీ వ్యవహారాల శాఖ సైట్‌లో ఎవరైనా చూడొచ్చు. ఉద్యోగం మొదలైందన్న తేదీ తర్వాత పుట్టిన కంపెనీలు నాకే తగిలాయి. ఇలాంటి కంపెనీల పేర్లు పెద్ద సంస్థల దగ్గర జాబితాలుగా ఉంటాయి. ఇవాళ జాబితాలో లేని పేరు, నువ్వు చేరిన ఏడాదికి ఎక్కొచ్చు. అప్పుడు పాత ఫైళ్లు తీసి మళ్లీ చూస్తారు. నీకు ఈఎంఐలు మొదలయ్యాక ఉద్యోగం పోతుంది. దొంగ పత్రాన్ని అసలుదిగా వాడటం నేరం కూడా.

తొమ్మిది నెలల ఖాళీ రాస్తే ఎవరూ పిలవరని వాడి భయం. ఆ భయంలో నిజం ఉంది, పిలుపులు తగ్గుతాయి. నేను దాన్ని కొట్టిపారేయలేదు. కానీ ఖాళీ ఉందని పిలవకపోతే పోయేది ఒక పిలుపే. అబద్ధం తేలితే ఆఫర్ పోతుంది, దాన్ని నమ్మి వదులుకున్న వేరే అవకాశమూ పోతుంది.

ఆ సాయంత్రమే కూర్చుని నాలుగో కాగితం రాశాం. హోదా లెటర్‌లో ఉన్నదే. కింద మిర్చి యార్డు రిపోర్టు గురించి రెండు వరుసలు. ఖాళీకి ఒక్క వరుస: "2023 ఫిబ్రవరి నుంచి అమ్మ ఆపరేషన్, ఇంటి బాధ్యతలు." తర్వాత వాడి యూఏఎన్ తెరిచి చూస్తే, మానేసిన తేదీ దగ్గర ఏమీ లేదు. పాత కంపెనీ ఆ తేదీ ఎక్కించనేలేదు. అలా వదిలేస్తే వాడు ఇంకా అక్కడే పనిచేస్తున్నట్టు కనిపిస్తుంది, తప్పు చేయకుండానే తేడా పడుతుంది. చివరి జమ పడి రెండు నెలలు దాటితే ఆ తేదీని మనమే ఎక్కించుకోవచ్చు. `Manage > Mark Exit` లోకి వెళ్లి, జనవరి 31 ఎంచుకుని, ఆధార్ ఓటీపీ కొట్టాం.

2024 ఫిబ్రవరిలో హైదరాబాదులో ఒక కంపెనీ వాణ్ణి సపోర్ట్ ఇంజనీరుగా తీసుకుంది. ఇంటర్వ్యూలో ఖాళీ గురించి ఒక్క ప్రశ్న వేసి వదిలేశారట. మిగతా సమయమంతా ఆ బస్తాల రిపోర్టు గురించే అడిగారట.