పాట ఆగాకే బార్ ఎత్తాలి: మూడేళ్ల వాడకం తర్వాత నా సమీక్ష

గాజువాక దగ్గర ఒక కర్మాగారంలో షిఫ్టు ఉద్యోగం చేస్తూ వారానికి మూడు సాయంత్రాలు జిమ్‌కు వెళ్తుంటాను. రాత్రి షిఫ్టు వారంలో పగలు ఐదు గంటలు పడుకుని లేచి, విశాఖ ఉక్కపోతలో బండి తీసి జిమ్ దాకా వెళ్లడమే ఒక పని. అక్కడికి చేరాక, నేల మీది బార్‌ను నిటారుగా నిలబడేదాకా లాగే డెడ్‌లిఫ్ట్ 120 కిలోలతో ఎదురుగా ఉంటే, ఈ రోజుకు వదిలేద్దామని మనసు ముందే తీర్పు ఇచ్చేస్తుంది. అలాంటి రోజుల కోసమే హుషారు పాటలు వాడడం మొదలుపెట్టాను. మూడేళ్లుగా వాడుతున్నాను. ఈ సమీక్ష ఒక్కో విడతలో ఐదు రెప్స్‌కు, అంటే ఐదుసార్లు ఎత్తడానికి మించని బరువైన డెడ్‌లిఫ్ట్ సెట్లకూ, బార్‌ను భుజాల మీద పెట్టుకుని కూర్చుని లేచే స్క్వాట్ సెట్లకూ మాత్రమే సంబంధించినది. ట్రెడ్‌మిల్ మీద నడకకు పాట చేసే మేలు వేరు, దాని లెక్క వేరు.

మొదటి ఏడాది అందరిలాగే వాడాను. జిమ్ గుమ్మం దాటగానే ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, గంటంబావు పాటు ఆపకుండా పెద్ద శబ్దంతో వినేవాడిని. రెండు వారాలు అద్భుతంగా అనిపించింది. ఆరో వారానికి అవే పాటలు ఫ్యాను చప్పుడులా వినిపించాయి. వార్మప్‌లో, ప్లేట్లు సర్దేటప్పుడు, నీళ్లు తాగేటప్పుడు కూడా అదే ఉరుము మోగుతూ ఉంటే, అసలు బరువు ముందు నిలబడే సమయానికి చెవికి కొత్తగా వినడానికి ఏమీ మిగలదు. అప్పటి నా పరిష్కారం శబ్దం ఇంకా పెంచడం. అది తప్పు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన ప్రకారం 80 డెసిబెల్‌ల శబ్దాన్ని వారానికి 40 గంటల దాకా వినవచ్చు గానీ, 90 డెసిబెల్‌లకు చేరితే ఆ గడువు 4 గంటలకు పడిపోతుంది. రోజంతా యంత్రాల మధ్య పనిచేసే నాలాంటివాళ్ల చెవులు ఆ గడువులో కొంత భాగాన్ని జిమ్‌కు రాకముందే ఖర్చు చేసేసి ఉంటాయి.

రెండో తప్పు ఇంకా లోతైనది, దాన్ని నేను పట్టుకోలేదు. నా పక్క ర్యాక్‌లో చేసే కుర్రాడు పట్టుకున్నాడు. ఒక రోజు సెట్ అయ్యాక వచ్చి, "అన్నా, ఈ రోజు బార్‌ని కింద పెట్టడం లేదు నువ్వు, నేలకేసి కొడుతున్నావు" అన్నాడు. వాడు తీసిన వీడియో చూశాక అర్థమైంది. చెవిలో డప్పు ఏ వేగంతో మోగుతోందో ఆ వేగంతోనే రెప్స్ లాగుతున్నాను. ప్రతి రెప్‌కూ బార్ నేల మీద ఆగాలి, ఊపిరి పొట్టలోకి తీసుకుని బిగపట్టాలి, వీపు సరిచూసుకోవాలి, అప్పుడు లాగాలి. దానికి రెండు మూడు సెకన్లు కావాలి. పాట ఆ సమయం ఇవ్వదు. దరువు వెంట పరుగెత్తితే ప్లేట్లు నేలను తాకి ఎగిరిన ఊపులోనే తర్వాతి రెప్ మొదలవుతుంది, మూడో రెప్‌కల్లా నడుము గుండ్రమవుతుంది. చేసేవాడికి మాత్రం సెట్ బాగా సాగిందనే అనిపిస్తుంది. అందుకే ఈ తప్పును వీడియోలోనో, పక్కవాడి కళ్లతోనో చూడాలి తప్ప లోపలి నుంచి తెలుసుకోవడం కష్టం.

ఆ రోజు తర్వాత పద్ధతి మొత్తం మార్చాను. ఇప్పుడు నేను పాట వినేది సెట్‌కు ముందు 75 సెకన్లు మాత్రమే. ఫోన్‌లో పాటను కత్తిరించి, నాకు ఒళ్లు గగుర్పొడిచే భాగాన్ని గంట కొట్టినట్టు ఠక్కున ఆగేలా చేసి పెట్టుకున్నాను. తర్వాతి పాట దానంతటది మొదలుకాకుండా ప్లేయర్‌లో ఆపేశాను. బరువైన సెట్ల మధ్య విరామం నాలుగు నిమిషాలు. అందులో మొదటి రెండున్నర నిమిషాలు బెంచీ మీద నిశ్శబ్దంగా కూర్చుంటాను. చేతులకు సుద్ద రాసుకునే ముందే పాట నొక్కుతాను, ఎందుకంటే రాసుకున్నాక ఫోన్ ముట్టుకుంటే అరచేతి చెమటా సుద్దా కలిసి పట్టు జారుతుంది. పాట నడుస్తుండగా బెల్ట్ బిగిస్తాను, చివరి ఇరవై సెకన్లలో బార్ దగ్గరికి నడుస్తాను. పాట ఆగుతుంది. ఆ నిశ్శబ్దంలో వంగి, పట్టు కుదుర్చుకుని, ఊపిరి తీసుకుని లాగుతాను. ఊపు ఒంట్లో అప్పటికే ఉంటుంది, దరువు మాత్రం చెవిలో ఉండదు. మూడేళ్లలో నాకు దొరికిన అసలు లాభం ఇదే.

ఇది నా ఒక్కడి అనుభవం కాదనిపించే శాస్త్రం కూడా ఉంది. వ్యాయామంలో సంగీతం మీద దశాబ్దాలుగా పరిశోధిస్తున్న బ్రూనెల్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు కోస్టాస్ కరాజియోర్గిస్ రచనల్లో పదేపదే కనిపించే మాట ఒకటుంది. తేలికపాటి, మధ్యస్థ శ్రమలో సంగీతం ఆయాసాన్ని తక్కువగా అనిపించేలా చేస్తుంది గానీ, శ్రమ తీవ్రమయ్యే కొద్దీ ఒంటి లోపలి నుంచి వచ్చే సంకేతాలు ఆ సంగీతాన్ని పక్కకు నెట్టేస్తాయి. 120 కిలోలు మోకాలి దాటుతున్న క్షణంలో చెవిలో ఏం మోగుతోందో నాకెప్పుడూ గుర్తుండకపోవడానికి కారణం అదే కావచ్చు. పాట పని బార్ దగ్గరికి తీసుకువెళ్లడం వరకే.

ఇక ఏ పాటలు? హుషారు పాట అనగానే ముందు గుర్తొచ్చేది 'నాటు నాటు'. ఆరు మాత్రల నడకలో సాగే ఆ పాట కాళ్లను నిలవనివ్వదు, అందుకే జిమ్‌కు బయలుదేరడానికీ వార్మప్‌కూ దానికి సాటి లేదు. డెడ్‌లిఫ్ట్‌కు ముందు మాత్రం అది నాకు పనికిరాలేదు. కాళ్లు నేలలో పాతినట్టు ఉండాల్సిన వేళ ఒళ్లు గంతులేయమంటుంది. స్క్వాట్‌కు నేను వాడేది 'సాహోరే బాహుబలి'. అందులో దలేర్ మెహందీ గొంతు పైకి లేచే చోట నా ఛాతీ దానంతటదే విచ్చుకుంటుంది, బార్ కిందికి వెళ్లే ముందు స్క్వాట్‌కు కావలసిందీ అదే. పూర్తిగా డీలా పడిన రోజున కాలభైరవ పాడిన 'దండాలయ్యా' పెట్టుకుంటాను. అది వేగమైన పాట కాదు, హుషారు జాబితాల్లో కనిపించదు కూడా. కానీ మనసు బాగా కుంగినప్పుడు ఎగిరిపడే పాట చెవికి పరాయిదిగా ఉంటుంది. బరువుగా మొదలయ్యే పాట మనిషి ఉన్నచోటికి వచ్చి చెయ్యి పట్టుకుని లేపుతుంది.

వీటన్నిటికంటే నాకు ఎక్కువ పనికొచ్చింది సినిమా పాట కాదు. మా అమ్మమ్మగారి ఊరు విజయనగరం వైపు. అక్కడి అమ్మవారి పండగలో తప్పెటగుళ్ళ బృందం ఆడుతుంటే ఫోన్‌లో రికార్డు చేసుకున్నాను. ఛాతీకి కట్టుకున్న తప్పెటను రెండు చేతులతో వాయిస్తూ, కాళ్ల గజ్జెలతో మెల్లగా అడుగు మొదలుపెట్టి, చూస్తుండగానే దరువును పెంచుకుంటూ పోతారు. ఆ ఏడు నిమిషాల రికార్డు చివరి 75 సెకన్లు నా డెడ్‌లిఫ్ట్ పాట. మాటలు పెద్దగా వినిపించవు కాబట్టి మనసు సాహిత్యం వెంట పోదు. దరువు పెరిగే తీరు శ్వాసను కూడా వెంటబెట్టుకుని పెంచుతుంది. చివరి దెబ్బ తర్వాత ఒక్క గజ్జె చప్పుడు విడిగా వినిపించి ఆగిపోతుంది, ఇప్పుడు నా కాళ్లు ఆ గజ్జెకే బార్ వైపు కదులుతున్నాయి.

గత నెలలో ఒక గురువారం ఎలా గడిచిందో చెబుతాను. రాత్రి షిఫ్టు, ఐదు గంటల నిద్ర, మనసు అస్సలు లేదు. చేయవలసింది 120 కిలోలతో ఐదేసి రెప్స్ మూడు సెట్లు. వార్మప్‌గా 60, 80, 100 కిలోలు లాగాను, ఏ పాటా లేకుండా. 100 కిలోలు దగ్గర చేసే రెండు రెప్స్ నాకు కొలబద్ద. ఆ రోజు బార్ నేల నుంచి తొడల దాకా ఎప్పటిలాగే ఎక్కడా ఆగకుండా వచ్చింది. అంటే ఒంట్లో శక్తి ఉంది, లేనిది ఇష్టం మాత్రమే. అలాంటప్పుడే పాట వాడాలి. తప్పెటగుళ్ళ ముక్కతో మొదటి సెట్ ఐదు రెప్స్ శుభ్రంగా వచ్చాయి. రెండోదీ వచ్చింది. మూడో సెట్‌లో నాలుగో రెప్ మోకాలి దగ్గర తడబడింది, బార్ కంటే ముందు తుంటి లేచింది. అక్కడే ఆపేశాను. ఐదోది కూడా లాగించేయమని పాట ఇచ్చిన ఊపు అంటూనే ఉంది. ఆ మాట వినకూడదు.

ఎందుకు వినకూడదో మొదటి ఏడాదే నేర్చుకున్నాను. పాట ఊపులో 130 కిలోలు అయ్యాక, అనుకోని 140 వేసి లాగాను. బార్ లేచింది, దించేటప్పుడు నడుము పట్టేసింది. మూడు వారాలు బరువు ముట్టలేదు. ఇప్పుడు ఆ రోజు ఎంత ఎత్తాలో ఇంటి దగ్గరే కాగితం మీద రాసుకుని వెళ్తాను, పాట విన్న తర్వాత ఆ అంకెను పెంచను. వార్మప్‌లో 100 కిలోలే మోకాలి దగ్గర నెమ్మదించిన రోజున పాటలు అసలు తీయను. 105కు తగ్గించి, రెండు సెట్లు చేసి ఇంటికి వస్తాను. అలసిన కండరానికి పాట వినిపించి లాభం లేదు, అలసటను కప్పిపుచ్చి బార్ దగ్గరికి పంపుతుంది, అంతే.

పరికరం సంగతి క్లుప్తంగా చెబుతాను. తీగ ఉన్న ఇయర్‌ఫోన్లు వద్దు, ఒకసారి నా తీగ బార్‌కీ తొడకీ మధ్య నలిగింది. తీగ లేనివి మన ఊరి చెమటకు జారుతూనే ఉంటాయి, చెవి మీదుగా కొక్కెం ఉన్న రకం కొంత నయం. స్క్వాట్‌లో వెనక మనిషి నిలబడినప్పుడు ఒక చెవి ఖాళీగా ఉంచుతాను, అతను "చాలు, పెట్టెయ్" అంటే వినిపించాలి.

కత్తిరించుకున్న పాట ముక్కలు వినీవినీ అరిగిపోవడమే ఇంకా తీరని సమస్య. వారానికి మూడు నాలుగుసార్లు, అదీ మనసు లేని రోజుల్లో మాత్రమే వాడినా, నాలుగు నెలలకల్లా గగుర్పాటు తగ్గుతుంది. అప్పుడు దాన్ని రెండు మూడు నెలలు పూర్తిగా పక్కన పెడితే తిరిగి పదునెక్కుతోంది. ఇంట్లో, బండి మీద ఆ పాటలు వినడం మానేశాను. 'దండాలయ్యా' నాకు చాలా ఇష్టమైన పాట, టీవీలో వస్తే లేచి పక్క గదిలోకి వెళ్తున్నాను. తప్పెటగుళ్ళ రికార్డు ఈ వారంతో నాలుగు నెలలు పూర్తి చేసుకుంది. సోమవారం నుంచి దానికి విరామం ఇచ్చి, అదే రికార్డు మధ్యలో, దరువు ఇంకా నెమ్మదిగా ఉన్న చోట నుంచి మరో 75 సెకన్లు కత్తిరించి చూడబోతున్నాను.